స్నేహితురాలి పచ్చళ్ళ వ్యాపారానికి రివ్యూ రాయలేనని నొప్పించకుండా చెప్పడం ఎలా

ఆవకాయ సీజన్ మొదలవగానే చాలామంది ఫోన్లకు ఇలాంటి మెసేజ్ ఒకటి వస్తుంది: "మన పచ్చళ్ళ పేజీ గూగుల్‌లో పెట్టానే. ఐదు స్టార్లు ఇచ్చి నాలుగు మంచి మాటలు రాయవా?" కింద ఒక లింకు ఉంటుంది. పంపింది ఎవరో కంపెనీ వాళ్ళు కాదు, పిల్లల స్కూలు దగ్గర పరిచయమై, మన కష్టసుఖాలు వినే మనిషి. ఇంట్లోనే మామిడికాయలు కొట్టించి, కారం పట్టించి, డబ్బాలకు స్టిక్కర్లు అంటించుకుంటూ మొదటిసారి తన పేరు మీద నాలుగు రూపాయలు సంపాదించాలని చూస్తోంది. ఆమెను సరళ అనుకుందాం.

రాయకూడదని మీకు అనిపించింది. కారణం ఏదైనా కావచ్చు. సరళకు నిజంగా కావలసింది "నా వాళ్ళు నా వెనక ఉన్నారు" అన్న ధైర్యం. రివ్యూ ఆ ధైర్యం కనబడే ఒక రూపం, అంతే. మీరు కాదనేది ఆ రూపాన్నే అని ఆమెకు తెలియాలి. అది తెలిసేలా ఎప్పుడు, ఎలా చెప్పాలన్నదే ఇక్కడ అసలు విషయం.

ఆ రోజే జవాబు ఇవ్వండి

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. "తప్పకుండా రాస్తానే" అనో, "చూస్తాలే" అనో అనేసి, ఒక బొటనవేలి ఎమోజీ పెట్టేసి వదిలేస్తారు. మొహమాటం కొద్దీ అన్న ఆ మాటను సరళ మాట ఇచ్చినట్టే తీసుకుంటుంది. కొత్త రివ్యూ పడగానే వ్యాపారం నడిపేవాళ్ళకు నోటిఫికేషన్ వస్తుంది. పేజీలో ఉన్నదే ఏడెనిమిది రివ్యూలైతే ఎవరు రాశారో, ఎవరు రాయలేదో ఆమెకు పేర్లతో సహా తెలుసు. వారం తర్వాత "బిజీగా ఉన్నానే" అంటే, ఆ వారంలో మీరు పెట్టిన స్టేటస్‌లన్నీ ఆమె చూసే ఉంటుంది. రాయను అన్నదానికంటే రాస్తానని రాయకపోవడమే ఎక్కువ నొప్పిస్తుంది.

అలాగని అప్పటికప్పుడు మెసేజ్‌లోనే కాదనేయకండి. రాతలో గొంతు వినబడదు. చిన్న మాటైనా కటువుగా తగులుతుంది. ఆ పూటకు ఇంత పంపితే చాలు:

"లింకు చూశానే. సాయంత్రం ఫోన్ చేస్తా, మాట్లాడదాం."

ఆమె అడిగింది అపార్ట్‌మెంట్ గ్రూపులో అందరి ముందైతే అక్కడ ఏమీ రాయకండి. నలుగురిలో అడిగినదానికి కూడా జవాబు విడిగానే ఇవ్వాలి.

మీ కారణం ఏమిటో తేల్చుకోండి

సాయంత్రం ఫోన్ చేసేలోపు మీలో మీరు ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. రాయకూడదని ఎందుకు అనిపించింది? ఇంటి వ్యాపారాల విషయంలో సాధారణంగా మూడు కారణాలు ఉంటాయి. మూడింటికీ చెప్పే మాట ఒకటి కాదు.

మొదటిది, మీరు ఆ పచ్చడి కొని తినలేదు. రుచి చూడమని ఆమె ఇచ్చిన చిన్న గిన్నెడే తెలుసు. ఇది తేలిక. "నేనింకా తెప్పించుకోలేదు కదే, తినకుండా ఎలా రాస్తాను?" అనవచ్చు. కానీ తర్వాత రాసే ఉద్దేశం కూడా లేకపోతే ఈ కారణం వాడకండి. ఆమె రేపే కిలో డబ్బా పట్టుకొచ్చి "ఇప్పుడు తిని రాయి" అంటుంది. అప్పుడు మళ్ళీ కాదనాలి, రెండోసారి కాదనడం మరీ కష్టం.

రెండోది, పచ్చడి బాగుంది కానీ మీ పేరు బయట పెట్టడం ఇష్టం లేదు. ఉద్యోగం వల్ల కావచ్చు. డాక్టర్లు, ప్రభుత్వ ఉద్యోగులు ఇతరుల వ్యాపారాలకు ప్రచారం చేసే ముందు తమ వృత్తి నియమాలు చూసుకోవాలి. లేదా మీ ఆడపడుచు కూడా పొడులు, పచ్చళ్ళు అమ్ముతూ ఉండవచ్చు. ఈ సందర్భంలో ఉన్నది ఉన్నట్టు చెప్పేయడమే మేలు. "పచ్చడి బాగుంది" అని మనస్ఫూర్తిగా అనగలరు కాబట్టి నొప్పి పెద్దగా ఉండదు.

మూడోది అసలు కష్టం. తిన్నారు, బాగాలేదు. ఉప్పు ఎక్కువైంది, ఆవపిండి చేదొచ్చింది, ముక్క మెత్తబడింది. ఇలాంటప్పుడు రివ్యూ రాయను అన్న మాటనూ, పచ్చడి బాగాలేదు అన్న మాటనూ ఒకే ఊపిరిలో చెప్పకూడదు. చెబితే సరళకు రెండోదే గుర్తుంటుంది, మొదటిది దానికి శిక్షలా వినిపిస్తుంది. రెండింటికీ వేర్వేరు రోజులు కావాలి.

మరి రివ్యూకు ఏ కారణం చెప్పాలి? అబద్ధం ఆడమని నేను చెప్పను. కానీ బాగున్నా బాగాలేకపోయినా నిలబడే నిజమైన కారణం ఒకటి ఉంది: తెలిసినవాళ్ళ వ్యాపారాలకు రాయకపోవడం. నెల్లూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న ఒకావిడ మీ నాలుగు వాక్యాలు చదివి కిలో తెప్పించుకుంటుంది. మీరు సరళ స్నేహితురాలని ఆమెకు తెలియదు. కొరియర్ ఖర్చులు కూడా పెట్టుకుని, ముక్కూ మొహం తెలియని కొనుగోలుదారు మాటగా దాన్ని నమ్ముతుంది. అమెజాన్ అయితే అమ్మేవాళ్ళ కుటుంబసభ్యులు, దగ్గరి స్నేహితులు రివ్యూ రాయడాన్నే ఒప్పుకోదు. మన దేశంలో ప్రచారాల మీద 2022లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, ప్రచారం చేసే మనిషికి ఆ వ్యాపారంతో సంబంధం ఉంటే అది చూసేవాళ్ళకు తెలియాలనే చెబుతున్నాయి. కాబట్టి ఈ నియమం సరళను తప్పించుకోవడానికి అల్లిన సాకు కాదు, పెట్టుకోదగిన నియమమే.

అయితే పెట్టుకుంటే అందరికీ పెట్టుకోవాలి. పచ్చడి బాగుంటే రాసేదాన్నే అని మీ మనసుకు తెలిస్తే ఈ మాట ఎత్తకండి. "నాకు రాయాలని లేదే, ఏమీ అనుకోకు" అన్న చిన్న మాటే దానికంటే నిజాయితీగా ఉంటుంది.

మీ ప్రొఫైల్ ఒకసారి చూసుకోండి

దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. "నేను రివ్యూలే రాయను" అనే ముందు గూగుల్ మ్యాప్స్ తెరిచి, మీ ఫొటో నొక్కి, Your profile లోకి వెళ్ళి చూడండి. మూడేళ్ళ క్రితం బ్యూటీ పార్లర్‌కి ఇచ్చిన ఐదు స్టార్లు, టిఫిన్ సెంటర్‌కి రాసిన రెండు వాక్యాలు అక్కడే ఉంటాయి. సరళకు కూడా అవి కనిపించవచ్చు. "ఎవరికీ రాయను" అని మీరు అన్న సాయంత్రమే వాటిని చూస్తే, రివ్యూ సంగతి పోయి మీరు అబద్ధం చెప్పారన్నది మిగులుతుంది.

రాసినవి ఉంటే మాట సరిగ్గా అనండి: "ముక్కూ మొహం తెలియని హోటళ్ళకు రాశాను గానీ, నా వాళ్ళ వ్యాపారాలకు రాయడం లేదే." వేరే స్నేహితురాలి బట్టల షాపుకు రాసిన పాతది దొరికితే ముందే దాన్ని తీసేయండి, లేదా "ఒకసారి రాశాను, ఇక రాయకూడదనుకున్నాను" అని మీరే చెప్పండి. సరళ కనిపెట్టి అడగడం కంటే మీరే చెప్పడం నయం.

ఫోన్‌లో ఏం మాట్లాడాలి

వంట హడావుడిలోనో, ఆమె ఆర్డర్లు ప్యాక్ చేసుకునే వేళలోనో కాకుండా తీరిక చూసి చేయండి. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడగలిగితే ఇంకా మంచిది. కుశలప్రశ్నలతో పావుగంట గడిపి చివర్లో అసలు మాట ఎత్తకండి. అప్పటిదాకా మాట్లాడినదంతా దీనికోసమేనా అనిపిస్తుంది. ఇలా మొదలుపెట్టవచ్చు:

"సరళా, పొద్దున లింకు పంపావు కదా, దాని గురించే చేశాను. రివ్యూ మాత్రం నేను రాయలేనే. నా వాళ్ళ వ్యాపారాలకు బయట రాయకూడదని పెట్టుకున్నాను, నీ ఒక్కదాని విషయంలోనే కాదు. మాట ఇచ్చి తిప్పించుకోవడం ఇష్టం లేక ముందే చెప్తున్నా. నాకు మాత్రం రెండు అరకిలో డబ్బాలు కావాలి, ఒకటి మాకు, ఒకటి మా పిన్నికి. డబ్బులు ఇప్పుడే ఫోన్‌పే చేస్తాను, తీసుకోనంటే ఊరుకోను."

ఇందులో నాలుగు పనులు జరుగుతున్నాయి, చూడండి. రాయలేనన్నది మొదట్లోనే తేటగా వచ్చేసింది, "ఇప్పుడు కాదు", "వీలు చూసుకుని" లాంటి మాటలు లేవు. కారణం పచ్చడి గురించి కాదు, మీ గురించి. తర్వాత ఆమె ఎదురుచూస్తూ కూర్చోకుండా ముందే చెబుతున్నారని తెలుస్తుంది. చివరికి చేయగలిగిన పని ఒకటి కచ్చితంగా చెప్పారు. "ఏ సాయం కావాలన్నా అడుగు" అనడం కంటే రెండు అరకిలో డబ్బాలకు డబ్బు పంపడమే ఆమెకు ఎక్కువ. పచ్చడి మీకు నచ్చకపోతే కొనడానికి వేరేది ఎంచుకోండి: కందిపొడి, కరివేపాకు కారం, ఏదో ఒకటి. అదీ నచ్చకపోతే కొనకండి, కింద చెప్పిన సాయాల్లో ఒకటి ఎంచుకోండి.

కారణాలు ఒకటి చాలు. "నియమం పెట్టుకున్నాను, పైగా పాస్‌వర్డ్ మర్చిపోయాను, మా ఆయనకి కూడా ఇష్టం ఉండదు" అని మూడు చెబితే మూడూ సాకుల్లాగే ఉంటాయి. పైగా పాస్‌వర్డ్ సమస్య ఆమె కొడుకు రెండు నిమిషాల్లో తీర్చేస్తాడు.

అడిగింది పెద్దావిడైతే మాట తీరు మారుతుంది గానీ సారం మారదు. "అక్కా, మీరు అడిగితే కాదనడం నాకు కష్టంగానే ఉంది. కానీ ఇలాంటివి బయట రాయకూడదనుకున్నానండీ, మన్నించాలి." చిన్ననాటి స్నేహితులైన మగవాళ్ళ మధ్య ఇంత కూడా అక్కర్లేదు: "ఒరేయ్, రివ్యూ నా వల్ల కాదురా. నీ కోసం ఇంకేం చేయమన్నా చేస్తా, ఇదొక్కటి అడక్కు."

ఆమె వదలకపోతే

తొలిసారి కాదనగానే ఊరుకునేవాళ్ళు తక్కువ. సరళ అనబోయే మాటలు దాదాపు ముందే తెలుసు, కాబట్టి సిద్ధంగా ఉండవచ్చు.

"ఏమీ రాయక్కర్లేదు, స్టార్లు మాత్రం ఇవ్వు" అంటుంది. ఉత్త స్టార్లు ఇచ్చినా మీ పేరుతోనే కనబడతాయి, సగటులో కలుస్తాయి. "అదీ రాసినట్టే కదే" అని నవ్వుతూ అనండి, అక్కడితో ఆపండి.

"నేనే రాసి పంపిస్తా, నువ్వు కాపీ చేసి పెట్టు" అంటుంది. దీనికి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది ఆమెకే దెబ్బ. సొంత అనుభవం లేని రాతలను గూగుల్ ఒప్పుకోదు. ఒకే చేతి రాతలా ఉన్న మూడు రివ్యూలు ఒకే రోజు పడితే కొనేవాళ్ళకు కూడా అనుమానం వస్తుంది. నకిలీ రివ్యూలని తేలితే గూగుల్ వాటిని తీసేయడమే కాదు, కొంతకాలం కొత్త రివ్యూలు రాకుండా ఆపవచ్చు, నకిలీవి తొలగించామని ఆ పేజీ మీద హెచ్చరిక కూడా పెట్టవచ్చు. కష్టపడి కట్టుకుంటున్న పేజీ మీద అలాంటి గీత పడటం ఆమెకు మంచిది కాదు. "నీ పేజీకి రిస్క్ అవుతుందే" అన్న మాట సాకు కాదు, నిజం.

"ఒక కిలో ఫ్రీగా ఇస్తాలే" అన్నా ఇంతే. డబ్బు, డిస్కౌంటు, ఉచిత సరుకు ఇచ్చి రివ్యూలు రాయించుకోవడం గూగుల్ నియమాలకు విరుద్ధం. ఈ విషయం చాలామంది ఇంటి వ్యాపారులకు తెలియదు. "రివ్యూ రాస్తే పది శాతం తగ్గింపు" అని డబ్బాలో చీటీలు కూడా పెడుతుంటారు. సరళ అలాంటి చీటీ అచ్చు వేయించబోతుంటే ఆపగలిగింది మీరే.

"మిగతావాళ్ళంతా రాశారు" అన్నదే గుచ్చుకునే మాట. దానికి వాదన వద్దు. "వాళ్ళు రాశారు, సంతోషమే. నేను రాయలేను గానీ నీ మీద ప్రేమ తక్కువై కాదే." మూడోసారి అడిగినా అదే వాక్యం చెప్పండి. కొత్త కారణం చెబితే కొత్త బేరం మొదలవుతుంది.

రుచి బాగాలేకపోతే, ఆ సంగతి విడిగా

నాలుగైదు రోజులు ఆగండి. తర్వాత ముందు అడగండి: "పచ్చడి గురించి ఒక మాట చెప్పాలి, వింటావా?" వద్దంటే ఊరుకోండి. వింటానంటే మీరు చూసింది మాత్రమే చెప్పండి. "నీ ఆవకాయ బాగాలేదు" అన్నది తీర్పు, దానితో ఆమె ఏమీ చేసుకోలేదు. "డబ్బా తెరిచినప్పుడు నూనె పైకి తేలి లేదు, పై ముక్కలు ఎండినట్టున్నాయి" అంటే పచ్చడి పట్టేవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. కలిపిన మూడో రోజు తిరగకలిపినప్పుడు నూనె పైకి తేలాలి, తేలకపోతే మరికాస్త పోయాలి. ఆర్డర్ల తొందరలో ఆ రోజు దాటకుండానే డబ్బాలకు ఎక్కించిందేమో ఆమెకే తెలుస్తుంది. ముక్క మెత్తబడితే కాయ ముదరలేదేమో, తడి సరిగ్గా తుడవలేదేమో చూసుకుంటుంది. ఉప్పు సంగతైతే "మా ఇంట్లో ముగ్గురికీ ఎక్కువనిపించింది" అనండి, తగ్గించమని సలహా ఇవ్వకండి. ఉప్పు తగ్గిస్తే పచ్చడి నిలవ ఉండకపోవచ్చు, ఆ లెక్క ఆమె చూసుకోవాలి.

ఒక్క సందర్భంలో మాత్రం నాలుగైదు రోజులు ఆగకూడదు. బూజు కనబడినా, మూత ఉబ్బినా, పులిసిన వాసన వచ్చినా ఆ నిమిషమే ఫోన్ చేయండి. డబ్బా మీది తేదీ కనబడేలా ఫొటో తీసి ఆమె ఒక్కదానికే పంపండి. అదే రోజు పట్టిన పచ్చడి ఇంకా ఎన్ని ఇళ్ళకు వెళ్ళిందో ఆమె చూసుకోవాలి. అక్కడ నొచ్చుకోవడం తర్వాతి సంగతి.

రివ్యూ కాకుండా చేయగలిగినవి

నిజమైన కొనుగోలుదారుల చేత రాయించుకోవడం ఆమెకు నేర్పగలిగితే మీ ఒక్క రివ్యూ కంటే అదే ఎక్కువ. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో రివ్యూలు అడగడానికి లింకు, క్యూఆర్ కోడ్ దొరుకుతాయి. దాన్ని చిన్న స్టిక్కర్‌గా వేయించి మూత మీద అంటించుకోమనండి, మీరే డిజైన్ చేసి ఇవ్వండి. అడగాల్సిన వేళ కూడా చెప్పండి: కొత్తావకాయ చేరిన రోజే అడిగితే అది ఇంకా ఊరి ఉండదు. పది, పదిహేను రోజుల తర్వాత "పచ్చడి ఎలా ఉందండీ? మీకు అనిపించింది రాస్తే మాకు ఉపయోగం" అని ఒక మెసేజ్ చాలు. బాగుందన్నవాళ్ళనే ఏరి అడగడం గూగుల్ ఒప్పుకోదు, అందరినీ ఒకేలా అడగాలి.

ఇంకో సాయం ఉంది. ఇంట్లో చేసి అమ్మే ఆహారానికి కూడా ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి, ఆ పద్నాలుగు అంకెల నంబరు లేబుల్ మీద ఉండాలి. కొత్తవాళ్ళు కొనేది రుచి గురించి ఎవరో రాసినందుకు మాత్రమే కాదు, లేబుల్ మీద తేదీ, నంబరు, దినుసులు సరిగ్గా ఉన్నందుకు కూడా. ఆ అప్లికేషన్ నింపడానికి ఒక ఆదివారం ఆమె పక్కన కూర్చోండి.

"మా ఫ్రెండ్ పచ్చళ్ళు పెడుతోంది, కావాలంటే ఈ నంబరు" అని స్టేటస్ పెట్టడం మాత్రం ఆలోచించి చేయండి. మీరు బాగుందని అనకపోయినా చూసేవాళ్ళు అలాగే తీసుకుంటారు. పచ్చడి నచ్చకపోతే అదీ వద్దు.

తర్వాతి వారాల్లో

మీరు ప్రేమగా పంపిన మెసేజ్ ఒకటి స్క్రీన్‌షాట్ అయి ఆమె పేజీలో తేలవచ్చు. "కందిపొడి అదిరిందే!" అన్న మీ మాట, పక్కనే మీ ఫొటో. అందుకే మెచ్చుకునేటప్పుడే "ఇది నీకోసమే, బయట పెట్టకు సుమా" అని చేర్చండి. పెట్టేస్తే వెంటనే, విడిగా, మామూలు గొంతుతో "నా పేరు, ఫొటో తీసేయవే" అనండి. ఇన్‌స్టాలో ట్యాగ్ చేస్తే ఆ ట్యాగ్ మీరే తీసేసుకోవచ్చు, అయినా తీసే ముందు ఆమెకు ఒక మాట చెప్పండి.

కొన్నాళ్ళు ఆమె ముభావంగా ఉండవచ్చు. మళ్ళీ మళ్ళీ క్షమాపణలు చెబితే తను నొచ్చుకున్నందుకు మిమ్మల్ని ఓదార్చాల్సిన పని కూడా ఆమె మీదే పడుతుంది. మామూలుగా ఫోన్ చేయండి, పిల్లల పరీక్షల గురించి మాట్లాడండి, డబ్బా అయిపోయాక అడక్కుండానే మళ్ళీ ఆర్డర్ పెట్టండి. ఇక వచ్చే నెల ఇంకో స్నేహితురాలు తన కేకుల పేజీ లింకు పంపి రివ్యూ అడుగుతుంది. ఆ కేకు మీకు ఎంత నచ్చినా, ఆమెకూ ఇదే మాట చెప్పండి. మీరేం చెప్పారో సరళకు ఆ సాయంత్రానికే తెలుస్తుంది.